క్లినికల్ కేసులకు అదనపు సమయం కోరుతూ ప్రిన్సిపాల్ గారికి లేఖ

విశాఖపట్నం,
17-11-2025.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
డెంటల్ కాలేజీ, విశాఖపట్నం.

విషయం: ప్రోస్థోడాంటిక్స్, కన్జర్వేటివ్ విభాగాల్లో మధ్యలో ఆగిన కేసులు పూర్తి చేయడానికి అదనపు క్లినికల్ గంటలు కోరుతూ.

సార్,

నేను బీడీఎస్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. నా రోల్ నంబర్ 38. నా హాజరు 75 శాతానికి పైనే ఉంది. ఈ ఉత్తరం హాజరు కోసం రాయడం లేదు. నా చేతుల్లో మొదలై, పోస్టింగ్ మారడంతో సగంలో నిలిచిపోయిన పేషెంట్ల కోసం రాస్తున్నాను.

మా బ్యాచ్ ప్రోస్థో పోస్టింగ్ వానల్లో పడింది. పాడేరు, చోడవరం వైపు నుంచి వచ్చేవాళ్లు ఆ రోజుల్లో బాగా తగ్గిపోయారు. అదే సమయంలో రెండు చెయిర్లు రిపేరులో ఉండడంతో ఉన్నవాటినే వంతులవారీగా వాడుకున్నాం. పేషెంట్లు మళ్లీ రావడం మొదలుపెట్టేసరికి మా పోస్టింగ్ అయిపోయింది. ఇప్పుడు పెడోలో ఉన్నాను. ప్రోస్థోలో నేను మొదలుపెట్టిన కంప్లీట్ డెంచర్లలో ఒక్కటీ పేషెంటు నోట్లోకి చేరలేదు.

కట్టుడు పళ్లు ఒక్క రోజులో అయ్యే పని కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. ప్రైమరీ ఇంప్రెషన్, స్పెషల్ ట్రే, బోర్డర్ మోల్డింగ్, సెకండరీ ఇంప్రెషన్, జా రిలేషన్, ట్రై-ఇన్, ఆ తర్వాతే ఇన్సర్షన్. పేషెంటు కనీసం ఐదారు సార్లు రావాలి. మధ్యలో ఒక్క విజిట్ తప్పితే మొత్తం వెనక్కి పోతుంది. పళ్లు తీయించుకుని ఎక్కువ కాలం కాని వాళ్లకైతే చిగురు ఎముక ఇంకా తగ్గుతూనే ఉంటుంది కాబట్టి, నెలల తర్వాత పాత కాస్ట్ మీద చేసిన పళ్లు సరిగా కూర్చోవు. జా రిలేషన్ కోసం చేసిన మైనపు రిమ్ములు మన ఊరి ఉక్కకు లాకర్లోనే మెత్తబడి ఆకారం మారిపోతాయి. మళ్లీ మొదటి నుంచి చేద్దామంటే పేషెంటుకు ఇంకోసారి బస్సు చార్జీలు, ఇంకో రోజు కూలి పోతుంది.

భీమిలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ సంగతి మీ దృష్టికి తేవాలి. ఆవిడకు అడ్డచుట్ట అలవాటు. ఇంప్రెషన్ తీసే ముందు అద్దంతో చూస్తే అంగిలి అంతా తెల్లబడి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఓరల్ మెడిసిన్‌కు పంపితే పరీక్షించి, ప్రస్తుతానికి డెంచర్ పని ఆపక్కర్లేదు గానీ, వచ్చినప్పుడల్లా అంగిలి చూడాలని, చుట్ట మానేలా చెబుతూ ఉండాలని కేస్ షీట్లో రాశారు. బోర్డర్ మోల్డింగ్ రోజున గ్రీన్ స్టిక్ వేడి చేసి, గోరువెచ్చని నీళ్లలో ముంచి నోట్లో పెట్టిన ప్రతిసారీ నేను చెప్పినట్టే బుగ్గలు లాగి, మూతి ముందుకు చాచి, ఎంతో ఓపిగ్గా సహకరించింది. సెకండరీ ఇంప్రెషన్ చక్కగా వచ్చింది. జా రిలేషన్ తేదీ వచ్చేనాటికి నేను వేరే విభాగంలో ఉన్నాను. మొన్న ఓపీ దగ్గర కనిపించి, "డాట్రమ్మా, పండక్కి మనవరాలొస్తాది, అప్పటికి పళ్లిచ్చేస్తారా?" అని అడిగింది. ఆవిడకు పళ్లు కట్టి పంపడం ఎంత అవసరమో, ఆ అంగిలిని మళ్లీ మళ్లీ చూడడం అంతకన్నా అవసరం. చేయి మారితే అలాంటి పేషెంట్లు రావడమే మానేస్తారని నా భయం.

కన్జర్వేటివ్‌లోనూ పరిస్థితి కొంతవరకు ఇదే. ముందు పళ్లకు రూట్ కెనాల్ మొదలుపెట్టి టెంపరరీ ఫిల్లింగ్‌తో పంపినవాళ్లు ఉన్నారు. ఆ ఫిల్లింగ్ కొన్ని వారాలకు మించి నిలవదు. అది అరిగితే శుభ్రం చేసిన కెనాల్లోకి మళ్లీ ఇన్‌ఫెక్షన్ చేరుతుంది.

అందుకే అన్ని విభాగాల్లో కాకుండా ఈ రెండింటిలోనే అడుగుతున్నాను. ఎక్స్‌ట్రాక్షన్, స్కేలింగ్ చాలావరకు ఒక సిట్టింగ్‌లో అయిపోయే పనులు, వాటికి పోస్టింగ్ సమయం సరిపోయింది.

డిసెంబర్ 1 నుంచి జనవరి నెలాఖరు వరకు, సంక్రాంతి సెలవులు మినహాయించి, మంగళ, గురువారాల్లో సాయంత్రం 4 నుంచి 6:30 వరకు, శనివారాల్లో మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు క్లినిక్‌లో పనిచేయడానికి అనుమతి ఇవ్వండి. ఆ వేళల్లో కొత్త కేసులు తీసుకోను, మొదలుపెట్టినవే పూర్తి చేస్తాను. ఉదయం ఓపీకి రాలేనివాళ్లు కూడా నా పేషెంట్లలో ఉన్నారు. ఒకాయన హార్బర్‌లో చేపల వేలం ముగిశాకే ఖాళీ అవుతారు. ఇంకొకాయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వస్తారు. వాళ్లకు సాయంత్రమైతేనే వీలు. దూరం నుంచి వచ్చేవాళ్లకు శనివారం ఇస్తాను, కాంప్లెక్స్‌లో ఆఖరి బస్సు కోసం పరుగెత్తాల్సిన పని ఉండదు.

స్టాఫ్ లేకుండా మేం చేయి పెట్టకూడదని తెలుసు, పెట్టాలనీ లేదు. ఆ రోజుల్లో డ్యూటీలో ఉండే పీజీలు చూసుకుంటారని, ముఖ్యమైన ప్రతి స్టెప్ దగ్గర స్టాఫ్ సంతకం తప్పనిసరి అని ప్రోస్థో హెచ్‌ఓడీ మేడమ్ చెప్పారు. మీ అనుమతి ఉంటే తమకు అభ్యంతరం లేదని కన్జర్వేటివ్ హెచ్‌ఓడీ సార్ కూడా అన్నారు. మిగిలింది స్టెరిలైజేషన్. సాయంత్రం ఆటోక్లేవ్ చూసే సిస్టర్ గారు 5 గంటలకే వెళ్లిపోతారు. అందుకని పేషెంట్ల లెక్కన మధ్యాహ్నమే సెట్లు సిద్ధం చేయించుకుంటాను, వాడినవి కడిగి, ప్యాక్ చేసి, మరుసటి ఉదయం లోడ్‌కు అందిస్తాను. మంగళ, గురువారాల్లో ఒక అటెండరును 6:30 వరకు ఉంచడం మాత్రం మీరు చెబితేనే అవుతుంది.

ఇంటర్న్‌షిప్‌లో చేసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఈ పేషెంట్లు అంతవరకు ఆగలేరు. యూనివర్సిటీ ప్రాక్టికల్‌లో 90 మార్కులకు పరీక్ష పెట్టేది కూడా ఇంటర్న్‌షిప్‌కు ముందే. ఒక్క డెంచర్ కూడా పేషెంటు నోట్లో పెట్టి, ఎక్కడ నొక్కుకుంటోందో చూసి, సరిచేసి పంపకుండా ఆ పరీక్షకు కూర్చోవడం నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. కోటా సంతకాలు ఎలాగోలా పూర్తి చేయించుకోవచ్చని కొందరు సలహా ఇచ్చారు. నాకు అది వద్దు సార్. చేయని పనికి సంతకం ఉన్నా, రేపు ఏ చిన్న ఊళ్లోనో ఒంటరిగా క్లినిక్‌లో కూర్చున్నప్పుడు అది అక్కరకు రాదు.

నాలాగే కేసులు మధ్యలో ఆగిన మరికొందరు మా బ్యాచ్‌లో ఉన్నారు. వీలైతే వాళ్లకూ ఈ అవకాశం ఇవ్వండి. చెయిర్ల కొరత వల్ల అందరికీ కుదరదంటే, ఎవరి పేషెంట్లు ఎక్కువ కాలంగా ఎదురుచూస్తున్నారో వాళ్లకే ముందు ఇవ్వండి. ఆ లెక్కన నా వంతు తర్వాత వచ్చినా ఒప్పుకుంటాను.

నా లాగ్‌బుక్ పేజీల నకళ్లు, ఆగిన కేసుల పట్టిక, ఒక్కో పేషెంటుకు మిగిలిన విజిట్ల వివరాలు దీనితో జతపరిచాను. ఈ శుక్రవారంలోగా మీ నిర్ణయం తెలిస్తే, పేషెంట్లకు ఫోన్ చేసి డిసెంబర్ మొదటి వారం తేదీలు ఇస్తాను. మాట్లాడాలనుకుంటే లంచ్ సమయంలో ఎప్పుడు పిలిచినా వస్తాను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
శ్రావణి,
బీడీఎస్ ఫైనల్ ఇయర్, రోల్ నంబర్ 38.