మార్కెటింగ్ ప్రణాళిక, ఆఖరి భాగం: ఆడిట్, నియంత్రణ (2025 ఏప్రిల్–జూన్)

మిల్లు భాగస్వాములకు,

ప్రణాళిక మొదటి భాగాల్లో ఏం చేస్తామో రాసుకున్నాం. మూడు నెలల్లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఇకపై ఎవరు ఏది చూడాలో ఈ భాగంలో ఉంది. అంకెలన్నీ మన 26 కిలోల సాంబ మసూరి బస్తావే. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోలు, అంతకు లోపు సంచులకు 5 శాతం జీఎస్టీ పడుతోంది. అందుకే అందరిలాగే మనమూ 26 కిలోలకు మారాం. చిన్న ప్యాకెట్ల అమ్మకం చెప్పుకునేంత లేదు కాబట్టి దాన్ని వదిలేశాను.

బస్తా ₹1,400 చొప్పున 12,000 బస్తాలు, అంటే ₹1,68,00,000 అమ్మాలనుకున్నాం. సగటున ₹1,360 చొప్పున 10,500 బస్తాలే పోయాయి. వచ్చింది ₹1,42,80,000. లోటు ₹25,20,000, అంటే 15 శాతం.

| ఊరు | లక్ష్యం (బస్తాలు) | అమ్మినవి | తేడా |
|---|---|---|---|
| నెల్లూరు | 6,000 | 5,900 | −100 |
| కావలి | 2,500 | 2,600 | +100 |
| ఒంగోలు | 3,500 | 2,000 | −1,500 |

ఈ లోటును రెండుగా విడదీస్తే:

ధర వల్ల: (1,360 − 1,400) × 10,500 = −₹4,20,000
పరిమాణం వల్ల: (10,500 − 12,000) × 1,400 = −₹21,00,000

ఇంతవరకే చూస్తే ఆరింట ఐదు వంతుల తప్పు బస్తాలు పోకపోవడానిదే అనిపిస్తుంది. మొన్నటి మీటింగులో పెదనాన్నగారూ అదే అన్నారు, "ఒంగోలు కుర్రాణ్ణి మార్చండి" అని. అయితే లాభం వైపు నుంచి చూడండి. బస్తాకు మనకు మిగిలేది ₹110. అమ్ముడుపోని 1,500 బస్తాల వల్ల పోయిన లాభం ₹1,65,000 మాత్రమే, ఎందుకంటే ఆ ధాన్యం ఇంకా మన గోడౌన్లోనే ఉంది. తగ్గించి ఇచ్చిన ₹4,20,000 మాత్రం నేరుగా జేబులోంచి పోయింది. అనుకున్న లాభం ₹13,20,000, మిగిలింది ₹7,35,000. అమ్మకాల పట్టీలో చిన్నగా కనిపించిన ధర తేడాయే లాభంలో పెద్ద దెబ్బ కొట్టింది.

ఆ తగ్గింపు ఎక్కడ జరిగిందో బిల్లులన్నీ తిరగేశాను. కావలిలో రూపాయి కూడా తగ్గించలేదు, అక్కడే లక్ష్యం దాటాం. నెల్లూరులో పక్క మిల్లు వాళ్లు ఇస్తున్నారని బస్తాకు ₹40 వదిలేశాం (₹2,36,000). ఒంగోలులో సగటున ₹92 (₹1,84,000). ఈ తగ్గింపులకు ఎవరి సంతకమూ లేదు. ఫోన్లో "సరే ఇచ్చేయ్" అన్నది మనలోనే ఇద్దరు ముగ్గురం.

ఇక ఒంగోలు సంగతి. కుర్రాడి తప్పేమీ లేదు. ఏప్రిల్‌లో మన దగ్గర ఉన్న పాత బియ్యం 9,000 బస్తాలు. నెల్లూరు, కావలి దగ్గర కాబట్టి ముందు అక్కడికే 8,500 పోయాయి. ఒంగోలుకు మిగిలింది 500. ఆపైన పంపినవన్నీ ఈ రబీ కొత్త బియ్యమే. కొత్త బియ్యం ముద్దవుతుందని మన ఇంట్లోనే వండనివ్వరు, మరి ఒంగోలు వాళ్లు ఎందుకు కొంటారు? నేను తిరిగిన 22 కొట్లలో 17 మంది ఇదే మాట చెప్పారు. సంచి, ప్రకటన, కమీషన్ గురించి ఫిర్యాదు చేసింది ఇద్దరే. గోడౌన్ చూడకుండా 12,000 అని లక్ష్యం రాసింది నేనే. దీనికి బాధ్యత నాది.

కాబట్టి జులై–సెప్టెంబరు లక్ష్యాన్ని 10,800 బస్తాలకు సవరిస్తున్నాను: నెల్లూరు 6,000, కావలి 2,700, ఒంగోలు 2,100. ఒంగోలుకు ఆగస్టు దాకా కొత్త ధాన్యం బియ్యం పంపొద్దు. ప్రతి సోమవారం పాత బియ్యం నిల్వ ఎంతుందో గోడౌన్ గుమాస్తా రాసివ్వాలి, ఆర్డర్లు దాన్ని చూసే తీసుకోవాలి.

నెలాఖరున ఊరి వారీగా తేడా లెక్క నేను ఇస్తాను. 5 శాతం లోపు తేడాను పట్టించుకోనక్కర్లేదు, వానకో పెళ్లిళ్లకో అంత ఊగుతుంది. 5 నుంచి 10 దాకా అయితే ఆ ఊరి సేల్స్‌మన్ కారణం రాసివ్వాలి. 10 దాటితే వారంలోగా అందరం కూర్చుందాం. లక్ష్యం కంటే 10 శాతం ఎక్కువ అమ్మినా ఇదే నియమం, ఎందుకంటే అది ధర తగ్గించడం వల్ల వచ్చిందేమో చూడాలి.

బస్తాకు ₹15 దాకా తగ్గింపు సేల్స్‌మన్ ఇష్టం. అంతకు మించితే పెదనాన్నగారి సంతకం ఉన్న చీటీ బిల్లుకు జతచేయాలి. చీటీ లేని తగ్గింపును అకౌంట్స్ ఒప్పుకోదు, ఫోన్ చేసింది నేనైనా సరే.

తర్వాతి సమీక్ష అక్టోబరు 6, సోమవారం ఉదయం 10 గంటలకు కోవూరు మిల్లు ఆఫీసులో. వచ్చేటప్పుడు సెప్టెంబరు వాపసు బస్తాల చిట్టా తప్పక తీసుకురండి.