పాలీపిల్ ప్రెస్ నోట్: మళ్లీ రాసిన పేరా

కార్డియాలజీ విభాగాధిపతి గారికి,

నమస్కారం సార్. ప్రపంచ హృదయ దినోత్సవానికి (సెప్టెంబరు 29) కాలేజీ తరఫున పత్రికలకు ఇవ్వబోయే నోట్‌లో పాలీపిల్ పేరా చూసి మీరు పంపేయమన్నారు. పంపకుండా ఆపాను. మళ్లీ రాసిన పేరా కింద ఉంది. ఒక్కసారి చదివి సరే అంటే వెళ్లిపోతుంది.

మీ విభాగం నుంచి వచ్చిన పేరా ఇది:

"రోజుకో మాత్రతో గుండెపోటు ముప్పు 31 శాతం దూరం! భారత్ సహా తొమ్మిది దేశాల్లో జరిగిన భారీ పరిశోధనలో పాలీపిల్ అద్భుత ఫలితాలు ఇచ్చింది. దుష్ప్రభావాలు స్వల్పమే."

దీనికి ఆధారం టిప్స్-3 ట్రయల్. 2020 నవంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అందులోని ఫలితాల సారం నా మాటల్లో ఇక్కడ పెడుతున్నాను, పక్కపక్కన పెట్టి చూసుకోడానికి వీలుగా:

గుండె జబ్బు లేని, కానీ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 5,713 మందిని లాటరీ పద్ధతిలో గ్రూపులు చేశారు. సగటున 4.6 ఏళ్లు గమనించారు. ప్లాసిబోతో పోలిస్తే పాలీపిల్ వాడినవారిలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ సుమారు 19 మి.గ్రా., పై బీపీ సుమారు 5.8 పాయింట్లు తక్కువగా ఉన్నాయి. ప్రధాన ఫలితం పాలీపిల్ గ్రూపులో 126 మందిలో (4.4 శాతం), ప్లాసిబో గ్రూపులో 157 మందిలో (5.5 శాతం) నమోదైంది: హజార్డ్ రేషియో 0.79, 95 శాతం విశ్వసనీయ అవధి 0.63 నుంచి 1.00. ఆస్పిరిన్ పోలికలో 116 మంది (4.1 శాతం), 134 మంది (4.7 శాతం): రేషియో 0.86, అవధి 0.67 నుంచి 1.10. పాలీపిల్, ఆస్పిరిన్ రెండూ వాడినవారిలో 59 మంది (4.1 శాతం), రెండూ ప్లాసిబోలే వాడినవారిలో 83 మంది (5.8 శాతం): రేషియో 0.69, అవధి 0.50 నుంచి 0.97. బీపీ పడిపోవడం లేదా కళ్లు తిరగడం పాలీపిల్ ఉన్న గ్రూపుల్లో ఎక్కువ.

పత్రికలకు ఇవ్వాల్సిన పేరా, శీర్షికతో సహా:

పాలీపిల్, ఆస్పిరిన్ కలిపి వాడితే సుమారు నాలుగున్నరేళ్లలో వెయ్యికి 17 మందికి తప్పిన గుండె, రక్తనాళాల సమస్యలు

"గుండె జబ్బు ఇంకా రాకపోయినా వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మూడు బీపీ మందులు, ఒక కొలెస్ట్రాల్ మందు కలిపిన 'పాలీపిల్' మాత్రను ఆస్పిరిన్‌తో పాటు రోజూ ఇచ్చి చూసినప్పుడు, సగటున 4.6 ఏళ్లలో వెయ్యికి 41 మందికి గుండె లేదా రక్తనాళాల తీవ్ర సమస్య ఎదురైంది. మందు లేని మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో ఈ సంఖ్య వెయ్యికి 58. అంటే వెయ్యికి 17 మందికి సమస్య తప్పింది. 41 మందికి మందు వాడినా వచ్చింది. మిగిలిన 942 మందికి వాడకపోయినా ఆ కాలంలో వచ్చేది కాదు. ఈ తేడానే పరిశోధకులు సాపేక్షంగా 31 శాతం తగ్గుదలగా లెక్కించారు. అసలు తగ్గుదల 3 శాతం నుంచి 50 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చని ఇదే లెక్క చెబుతోంది. పాలీపిల్ వాడినవారిని, వాడనివారిని పోల్చినప్పుడు ఆ సంఖ్య వెయ్యికి 55 నుంచి 44కు తగ్గింది (సాపేక్షంగా 21 శాతం), అయితే ఈ తేడా కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి లెక్క అంచుమీదే ఉంది. ఆస్పిరిన్ విషయంలో వెయ్యికి 47, 41గా నమోదైన తేడాతో ప్రయోజనం రుజువైనట్టు కాదు. పాలీపిల్ తీసుకున్నవారిలో బీపీ పడిపోవడం, కళ్లు తిరగడం ఎక్కువగా కనిపించాయి. ఇక్కడ 'సమస్య' అంటే గుండెపోటు, బ్రెయిన్ స్ట్రోక్, గుండె సంబంధ మరణం, ఆగిన గుండెను తిరిగి కొట్టుకునేలా చేయాల్సి రావడం, హార్ట్ ఫెయిల్యూర్, స్టెంట్ లేదా బైపాస్ వంటి చికిత్సలు, అన్నీ కలిపి (ఆస్పిరిన్ పోలికలో మాత్రం గుండె సంబంధ మరణం, గుండెపోటు, స్ట్రోక్ మాత్రమే). పాల్గొన్నవారిలో దాదాపు సగం మంది భారతీయులు. వెల్‌కమ్ ట్రస్ట్ తదితర సంస్థలతో పాటు మాత్ర తయారీదారు కాడిలా ఫార్మాస్యూటికల్స్ కూడా పరిశోధనకు నిధులు ఇచ్చింది."

పొడవైందని మీరు అంటారు. అవును, మొదటిదానికి చాలా రెట్లు. పత్రికల డెస్క్ వాళ్లు కోస్తారు కూడా. అందుకే 17, 41, 942 ఉన్న వాక్యాలను పైన పెట్టాను, కింద నుంచి కోసినా అవి మిగులుతాయి. 31 శాతాన్ని తీసేయలేదు. అది అబద్ధం కాదు. ఒంటరిగా వెళ్లినప్పుడే చిక్కు. శీర్షికలో "31 శాతం" చూసిన మనిషి నూరు మందిలో 31 మంది బతికిపోయారనుకుంటాడు. అలాగని "1.7 శాతం తగ్గింది" అని మాత్రమే రాస్తే ఇంకో తప్పు: ఒక పత్రికలో 31, ఇంకో పత్రికలో 1.7 వచ్చి, మనమే రెండు నాలుకలతో మాట్లాడినట్టు కనిపిస్తుంది. వెయ్యి మంది లెక్కలో రెండూ ఒకే చోట ఉంటే ఆ గొడవ ఉండదు.

క్యాలిక్యులేటర్ పట్టుకున్న రిపోర్టరు ఒకరు తప్పకుండా ఫోన్ చేస్తారు: 58లోంచి 41 పోతే 17, దాన్ని 58తో భాగిస్తే 29 శాతమే కదా, మీరు 31 అన్నారేం అని. హజార్డ్ రేషియో చివర్లో మిగిలిన లెక్క మాత్రమే చూడదు, ఎవరికి సమస్య ఎప్పుడు వచ్చిందన్న కాలాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే ఆ చిన్న తేడా. పేరాలో దీన్ని వివరిస్తే ఎవరూ చదవరు గానీ, మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంచండి.

"గుండెపోటు" అన్న పదాన్ని శీర్షికలోంచి తీసేశాను. ఆ 59, 83 సంఖ్యల్లో స్టెంట్లు వేయించుకున్నవాళ్లూ హార్ట్ ఫెయిల్యూర్ వచ్చినవాళ్లూ ఉన్నారు. అన్నీ కలిపిన మొత్తం తగ్గితే గుండెపోటు ఒక్కటీ అంతే తగ్గిందని ఈ లెక్క చెప్పదు. మొదటి పేరాలో ఇంకో జారుడు ఉంది సార్, అదే నాకు ఎక్కువ ఇబ్బంది అనిపించింది: "రోజుకో మాత్రతో" అంటూ 31 శాతం రాశారు. ఆ 31 రెండు మాత్రలది. ఒక మాత్ర కథ 21, అదీ అవధి సరిగ్గా 1.00 దగ్గర ఆగిన లెక్క. పెద్ద అంకెను చిన్న మాత్రకు తగిలించినట్టయింది. 31లోంచి 21 తీసేసి "ఆస్పిరిన్ వల్ల ఇంకో పది" అని కూడా ఎవరూ రాయకూడదు; రెండు పోలికల్లోనూ ఎదురు గ్రూపు వేరు, ఆ తీసివేతకు అర్థం లేదు.

ఇక "దుష్ప్రభావాలు స్వల్పమే". ఫలితాల సారంలో ఎక్కువ అని ఉంది, ఎంత ఎక్కువో అక్కడ లేదు. అంకె చేతిలో లేకుండా "స్వల్పం" అనే హక్కు మనకు లేదు. లాభాన్ని శాతాల్లో పెంచి, నష్టాన్ని ఒక విశేషణంతో సర్దేయడం మందుల వార్తల్లో పాత అలవాటు. నష్టం వైపు కూడా ఇదే జరుగుతుంది. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు "రెట్టింపు" అవుతుందని హెచ్చరిక వచ్చింది. ఏడు వేల మందిలో ఒకరికి బదులు ఇద్దరికి అన్నది అసలు లెక్క. చాలామంది భయపడి మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది అబార్షన్లు పెరిగాయి. కళ్లు తిరగడం సంఖ్యను మీరు పూర్తి వ్యాసంలోని పట్టిక చూసి ఇదే వెయ్యి లెక్కలో చెబితే ఆ వాక్యాన్ని పూర్తి చేస్తాను. చెప్పకపోయినా పేరా నిలుస్తుంది, "స్వల్పం" మాత్రం రాదు.

పేరాలో పట్టని రెండు సంగతులు, ప్రశ్న వస్తే చెప్పడానికి. ట్రయల్‌లోకి తీసుకునే ముందు అందరికీ కొన్ని వారాలు మందులు ఇచ్చి చూశారు, సరిపడినవాళ్లే ముందుకు వెళ్లారు. అందువల్ల బయటి జనంలో ఇబ్బందులు ఎక్కువే ఉండొచ్చు. రెండోది దీనికి ఎదురుదిక్కు: మాత్రల తయారీ, సరఫరాలో ఆలస్యం, కోవిడ్ వల్ల చాలామంది మధ్యలో మానేశారు. సక్రమంగా వాడి ఉంటే లాభం ఇంకాస్త ఎక్కువ కనిపించేదేమో. రెండూ నిజమే, మనకు నచ్చినదొక్కటే చెప్పొద్దు.

2003లో వాల్డ్, లా అనే బ్రిటన్ పరిశోధకులు పాలీపిల్ ఆలోచన ముందుకు తెచ్చినప్పుడు గుండె జబ్బులు 80 శాతానికి పైగా తగ్గుతాయని అంచనా వేశారు. ఆ అంకె ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. మన నోట్‌లో దాన్ని చేర్చమని ఎవరైనా అడిగితే వద్దనండి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో పాలీపిల్ రకాలను చేర్చిన మాట చేర్చొచ్చు, కావాలంటే చివర ఒక వాక్యం పెడతాను. అది విధాన నిర్ణయం, ఈ ట్రయల్ ఫలితం కాదు కాబట్టి పేరాలో కలపలేదు.

మన ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి ఇప్పటికే స్టెంట్లు పడ్డాయి. వాళ్లకు ఈ పేరా వర్తించదు. గుండె జబ్బు లేనివాళ్ల మీద చేసిన ట్రయల్ ఇది. పేపర్లో చదివి ఎవరూ తమ ఆస్పిరిన్ మానేయకుండా, కొత్తగా మొదలుపెట్టకుండా "డాక్టరును అడగకుండా మందులు మార్చవద్దు" అన్న వాక్యాన్ని నోట్ చివర విడిగా, బోల్డ్‌లో పెట్టాను.

రేపు మధ్యాహ్నం రెండు గంటల్లోపు జిల్లా ఎడిషన్లకు వెళ్లాలి. "మా నాన్నకు 60 ఏళ్లు, ఆస్పిరిన్ మొదలుపెట్టొచ్చా?" అనే ఫోన్లు వస్తే మాత్రం మీకే కలుపుతాను సార్.

ఇట్లు,
ప్రెస్ డెస్క్