జూన్ నెల ఎండుమిర్చి వాడకం: యూసేజ్ వేరియన్స్‌పై మెమో

నుంచి: కాస్ట్ అకౌంటెంట్, అకౌంట్స్ విభాగం
వీరికి: ప్రొడక్షన్ మేనేజర్ గారు, కారంపొడి యూనిట్, గుంటూరు
ప్రతి: పర్చేజ్ మేనేజర్ గారు
తేదీ: 5 జులై 2025
విషయం: జూన్‌లో ముడిసరుకు వాడకం స్టాండర్డ్ దాటడం, రూ. 3,78,000 ప్రతికూల వేరియన్స్

అయ్యా,

జూన్‌లో మన యూనిట్ 40,000 కేజీల కారంపొడి తయారు చేసింది. 100 కేజీల పొడికి తొడిమతో 112 కేజీల మిర్చి అన్నది మన స్టాండర్డ్. ఆ లెక్కన 44,800 కేజీలు సరిపోవాలి. ఇష్యూ స్లిప్పుల ప్రకారం 46,900 కేజీలు వాడాం. తేడా 2,100 కేజీలు, స్టాండర్డ్ ధర కేజీ రూ. 180 చొప్పున రూ. 3,78,000.

ఈ మొత్తాన్ని ప్రొడక్షన్ ఖాతాలో వేసి ఊరుకోవడం న్యాయం కాదు. అందుకే లాట్ల వారీగా విడదీసి చూశాను.

పెద్ద భాగం సరుకులోనే ఉంది. జూన్‌లో వాడినదాంట్లో 30,000 కేజీలు మే చివర్లో కొన్న కోల్డ్ స్టోరేజీ లాట్లు. ల్యాబ్ రిజిస్టర్‌లో వాటి తేమ సగటున 13.5 శాతం ఉంది. మన స్టాండర్డ్ 11 శాతం. తేమ ఎక్కువున్న కాయ తూకానికి నిండుగా కనిపిస్తుంది కానీ, మిల్లులో వేడికి ఆ నీరు ఆవిరైపోతుంది. 30,000 కేజీలను 11 శాతం తేమకు మార్చి చూస్తే సుమారు 29,160 కేజీలే అవుతాయి. అంటే 840 కేజీల దాకా నీళ్లకే డబ్బు పెట్టాం. ఇవే లాట్లలో తాలు కాయలు కూడా 2 శాతం ఉండాల్సింది 4 శాతం వచ్చాయి. ఏరివేతలో అదనంగా పోయింది 600 కేజీలు.

ఈ రెండూ కలిపి 1,440 కేజీలు, రూ. 2,59,200. కొనుగోలు విభాగం జూన్ సరుకును సగటున రూ. 176కే తెచ్చింది కాబట్టి ధర వేరియన్స్ రూ. 1,87,600 అనుకూలంగా చూపిస్తోంది. ఆ రిపోర్టు ఒక్కటే చూస్తే మెచ్చుకోవాలనిపిస్తుంది. అదనపు తాలు అమ్మితే వచ్చిన రూ. 48,000 కలుపుకున్నా, ఆ చౌక సరుకు వల్ల మనకు సుమారు రూ. 23,600 నష్టమే మిగిలింది. పర్చేజ్ మేనేజర్ గారికి ప్రతి పంపడానికి కారణం ఇదే.

అయితే తేమ విషయంలో మన వైపు కూడా ఒకటి చూడాలి. చల్లటి గదిలోంచి తెచ్చిన టిక్కీని వెంటనే విప్పితే బయటి గాలిలోని తేమ కాయ మీద పడుతుంది. గేట్ రిజిస్టర్, ఇష్యూ స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా బస్తాలు వచ్చిన రోజే తొడిమలు తీసే షెడ్డుకు వెళ్లాయి. 13.5 శాతంలో దీని వాటా ఎంతో విడిగా చెప్పలేను. బస్తా దిగినప్పుడొకసారి, మిల్లుకు వెళ్లేముందు ఇంకోసారి తేమ కొలిస్తే వచ్చే నెల తేలిపోతుంది.

రెండో పల్వరైజర్ సంగతి మాత్రం పూర్తిగా మీ విభాగానిదే. జూన్‌లో దాని మీదుగా 12,000 కేజీలు వెళ్లాయి. లాగ్‌షీట్‌లో గ్రైండింగ్ నష్టం 3.8 శాతం ఉంది, స్టాండర్డ్ 1.5. తొడిమతో లెక్కేస్తే సుమారు 300 కేజీలు అదనం. మొదటి మిల్లులో నష్టం మామూలుగానే ఉంది కాబట్టి ఇది సరుకు దోషం అనలేం. దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్ గుడ్డలు చిరిగాయేమో అని నా అనుమానం. ఆ మిల్లు వెనక గోడ మీద ఎర్రటి పొర పేరుకుని ఉంది. నైట్ షిఫ్టులో కరెంటు పోయి మిల్లు మళ్లీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ మొదట వచ్చే పొడిని పక్కకు తీస్తున్నారు, దాన్ని ఎక్కడా తూచడం లేదు.

ప్యాకింగ్‌లో 500 గ్రాముల ప్యాకెట్లు కొన్ని 3వ తేదీన తూయించాను. లోపలి పొడి సగటున 504 గ్రాములు ఉంది. తక్కువ తూగకూడదన్న మీ జాగ్రత్త సరైనదే. కానీ జూన్‌లో ఆ లైన్‌లో 40,000 ప్యాకెట్లు వెళ్లాయి. అన్నిటిలోనూ ఇలాగే పడి ఉంటే 160 కేజీల పొడి, అంటే దాదాపు 180 కేజీల మిర్చి లెక్కకు రాకుండా పోయింది. ఫిల్లర్ సెట్టింగ్ 501, 502 దగ్గర నిలబడుతుందో లేదో మెకానిక్‌తో చూపించగలరు.

మిగిలిన 180 కేజీలకు కారణం దొరకలేదు. నాలుగు టిక్కీల సరుకు అది. 30వ తేదీ రాత్రి ఇష్యూ అయి, ఆడకుండా హాల్లోనే ఉండిపోయిన బస్తాలు ఏమైనా ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జితో రాతపూర్వకంగా పంపించండి, వాటిని జులైకి మారుస్తాను.

మంగళవారం, 8వ తేదీ ఉదయం 11 గంటలకు పర్చేజ్ మేనేజర్ గారితో కలిసి కూర్చుందాం. రెండో మిల్లు లాగ్‌షీట్లు, ఫిల్టర్ గుడ్డలు చివరిగా మార్చిన తేదీ వెంట తీసుకురండి. ఇకపై 12 శాతం తేమ దాటిన లాట్‌కు ధర కోత పెట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను. దానికి మీ అభిప్రాయం కూడా కావాలి.

కాస్ట్ అకౌంటెంట్