ఇంకొక్కసారి నా పేరు పిలువు

ఏమోయ్ మహారాణీ,

పొద్దున్నే ముందుగా నీ చెయ్యి పడేది కాఫీ ఫిల్టర్ మీదే కాబట్టి కార్డు దాని పక్కనే పెట్టాను. డికాషన్ వేసేశాను, పాలూ కాగాయి. స్టూలు లాక్కుని కూర్చుని నిదానంగా చదువు.

ఇవాళ్టికి మనకు 30 ఏళ్ళు. 1995 మే నెలలో చిత్తూరు నుంచి నిన్ను తీసుకొచ్చిన బస్సు నా కళ్ళ ముందే ఉంది. మీ నాన్న ఎక్కించిన రెండు గంపల బెంగళూరా కాయలు పైన, నువ్వు కిటికీ పక్కన, నీ పక్కన నేను. చంద్రగిరి వచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత మెల్లగా, "గంపలు గట్టిగా కట్టారా?" అన్నావు. కొత్త పెళ్ళికూతురు నాతో అన్న మొట్టమొదటి మాట అది! కట్టాననే చెప్పాను. అయినా తిరుపతి వచ్చేదాకా బ్రేకు పడినప్పుడల్లా నువ్వు పైకి చూశావు, నేను నిన్ను చూశాను.

ఇంటి గుమ్మం దగ్గర మా అక్క చేతులు అడ్డం పెట్టి, పేరు చెబితేగానీ లోపలికి రానివ్వనంది. తల వంచుకుని నా పేరు చెప్పావు. ఎంత చిన్నగా అంటే, అక్క వినపడలేదని ఇంకోసారి చెప్పించింది. అంతే. ఆ రోజు నుంచి నేను "ఏమండీ" అయిపోయాను.

ఆ ఒక్క మాటలోనే నీ సంసారమంతా నడుస్తుంది. సిలిండర్ అయిపోయిన ఏమండీ వేరు, సంగటి పొగలు కక్కుతుండగా పళ్ళెం ముందుకు పిలిచే ఏమండీ వేరు. అర్ధరాత్రి పిల్లకు జ్వరమొచ్చినప్పుడు పిలిచిన ఏమండీకి నేను మంచం దిగే నిల్చున్నాను. ఇక కోపమొస్తే అదీ ఉండదు. "మీ నాన్నకు చెప్పవే, అన్నం చల్లారిపోతోందని." పిల్లలు బెంగళూరు, హైదరాబాదు వెళ్ళిపోయాక ఆ మాటలు తులసికోటకు చెబుతున్నావు. మొన్న దానికి నువ్వు నీళ్ళు పోస్తూ నా గురించి చెప్పిందంతా విన్నాను. నువ్వు కోపంగా ఉన్నా ఎంత ముద్దుగా ఉంటావో ఆ తులసమ్మకు, నాకు తెలుసు.

ఇప్పుడు 27 ఏళ్ళుగా దాచిన సంగతి ఒకటి చెబుతాను. గంగజాతరలో మనం తప్పిపోయిన రోజు గుర్తుందా? పెద్దది నీ చంకలో ఉంది. తాతయ్యగుంట దగ్గర ఆ జనంలో, వేషాలు కట్టిన వాళ్ళ మధ్యలో, డప్పుల మోతలో నీకు నేను కనపడలేదు. "ఏమండీ" అంటే అక్కడ వందమంది తిరిగి చూస్తారు. అందుకని నా పేరు పెట్టి గట్టిగా అరిచావు. నాకు మొదటిసారే వినపడింది. నీకు పది అడుగుల దూరంలోనే ఉన్నాను, మిమ్మల్నిద్దరినీ చూస్తూనే ఉన్నాను. అయినా వెనక్కి తిరగలేదు. ఇంకోసారి పిలుస్తావని! పిలిచావు కూడా. అప్పుడు వచ్చాను. నీ కళ్ళలో నీళ్ళు చూశాక ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఇన్నేళ్ళు చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను, కావాలంటే తులసమ్మకు చెప్పుకో.

నాకు కామెర్లు తగ్గిన ఏడాది నువ్వు అలిపిరి నుంచి మెట్టుమెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ కొండెక్కావు. 3550 మెట్లు! ఒక్కో మెట్టుకూ వంగావు. వెనకే కుంకుమ పొట్లం పట్టుకుని నేను. గాలిగోపురం దగ్గర కూర్చుని కాళ్ళు పట్టనిస్తావా అంటే, "ఎవరైనా చూస్తారు" అని చీర కిందికి లాక్కున్నావు. నీ వేళ్ళు ఎర్రగా పండినట్టున్నాయి ఆ రోజు. నా ప్రాణం విలువ నాకు తెలిసింది ఆ వేళ్ళు చూశాకే.

ఈసారి మెట్లు వద్దు. నీ మోకాళ్ళను ఇంక కష్టపెట్టను. బస్సులోనే పైకి వెళ్దాం, కిటికీ సీటు నీకే. సాయంత్రం తిరుచానూరు అమ్మవారి దర్శనం, వచ్చేటప్పుడు నాలుగు మూరల మల్లెపూలు. వంట సంగతి మర్చిపో. బీరువాలో నీ పట్టుచీరల కింద వంగపండు రంగు చీర ఒకటి కొత్తగా కనపడుతుంది. పోయిన నెల కొట్లో నువ్వు రెండుసార్లు తడిమి, ధర చూసి పక్కన పెట్టేసిన చీరే అది. ధర అడగొద్దు.

నాకేం కావాలో అడుగుతావు కదా. కాఫీ కలుపుకుని వచ్చి ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు. ఇంట్లో ఎవరూ లేరు, అక్క కూడా లేదు. నేను గదిలో కళ్ళు మూసుకుని పడుకుని ఉంటాను. ముందే చెబుతున్నా, మొదటి పిలుపుకు లేవను.

నీ
ఏమండీ