పలుకులమ్మ అడిగిన ప్రశ్నలు

లాస్య వాళ్ల వరండాకి రోజూ ఒక రామచిలుక వచ్చేది. పేరు పలుకులమ్మ. దానికి పంజరం లేదు. ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు వాలుతుంది, కబుర్లు చెప్పి ఎగిరిపోతుంది.

ఆ సాయంత్రం అది వచ్చేసరికి లాస్య నోట్‌బుక్ ముందేసుకుని, పెన్సిల్ చివర కొరుకుతూ కూర్చుంది.

"ఏమైంది, మొహం అలా పెట్టావు?" అంది పలుకులమ్మ.

"రేపు తెలుగు పరీక్ష. విశేషణం, క్రియా విశేషణం ఏది ఏదో తెలియడం లేదు. టెన్షన్‌గా ఉంది."

"ఒక వాక్యం చదువు."

లాస్య చదివింది. "తెల్లని కుందేలు వేగంగా పరుగెత్తింది."

పలుకులమ్మ మెడ పక్కకి వాల్చి, "తెల్లని పరుగెత్తింది!" అంది.

లాస్యకి నవ్వాగలేదు. "అదేం మాట! పరుగెత్తడానికి రంగుంటుందా?"

"పోనీ, వేగంగా కుందేలు?"

"అదీ అతకలేదు. వేగంగా ఏం చేసిందో చెప్పొద్దూ?"

"చూశావా, నీ చెవికి ముందే తెలుసు!" పలుకులమ్మ రెక్కలు టపటపలాడించింది. "తెల్లని అనే మాట కుందేలు కోసం వచ్చింది. ఎలాంటి కుందేలు? తెల్లని కుందేలు. కుందేలు నామవాచకం కదా, అది ఎలాంటిదో చెప్పే మాట విశేషణం. ఇక వేగంగా అన్నది పరుగెత్తింది కోసం వచ్చింది. ఎలా పరుగెత్తింది? వేగంగా. పరుగెత్తింది క్రియ. క్రియ ఎలా జరిగిందో చెప్పే మాట క్రియా విశేషణం."

"ఓ, ఇంతేనా! ఏ మాట పక్కన ఉంటే ఆ మాటదన్నమాట."

"తొందరపడకు. వేగంగా తెల్లని కుందేలు పరుగెత్తింది. ఇప్పుడు చెప్పు, వేగంగా ఎవరిది?"

లాస్య వాక్యాన్ని వేలితో తడుముతూ చూసింది. వేగంగా పక్కన తెల్లని ఉంది, ఆ తర్వాత కుందేలు ఉంది. "ఎలాంటి కుందేలు? వేగంగా కుందేలు... ఊహూఁ. ఎలా పరుగెత్తింది? వేగంగా పరుగెత్తింది! పలుకులమ్మా, అంత దూరంలో కూర్చున్నా అది పరుగెత్తిందికి చుట్టమే!"

"అదీ! పక్కన ఎవరున్నారని కాదు, ఏ ప్రశ్నకి జవాబు చెబుతోందని చూడాలి."

అంతలో తమ్ముడు బన్నీ లోపల్నుంచి వచ్చాడు. గుమ్మం దగ్గర అంతా విన్నట్టున్నాడు. "అక్కా, నాకింకా సులువైన చిట్కా దొరికింది. చివర 'గా' ఉంటే క్రియా విశేషణం!"

"మంచి చిట్కానే," అంది పలుకులమ్మ. "మెల్లగా, గట్టిగా, అందంగా... చాలా మాటలు అలాగే ఉంటాయి. మరి 'బన్నీ గబగబా మెట్లు దిగాడు' అంటే? ఎలా దిగాడు?"

"గబగబా!" అన్నాడు బన్నీ. ఆ వెంటనే మొహం మారిపోయింది. "అరె, చివర 'గా' లేదే!"

"'బన్నీ నిన్న మెట్లు దిగాడు' అంటే?"

"ఎప్పుడు దిగాడు? నిన్న. ఇదీ దిగడం గురించే చెబుతోంది!" అంది లాస్య. ఎలా అన్న ప్రశ్నకే కాదు, ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్నలకి జవాబిచ్చే మాటలు కూడా క్రియా విశేషణాలవుతాయని ఆమెకి అప్పుడే తట్టింది.

పలుకులమ్మ ఉన్నట్టుండి "కీ...చ్!" మని అరిచింది. పిల్లలిద్దరూ ఉలిక్కిపడి చెవులు మూసుకున్నారు.

"ఇప్పుడు నేనేం చేశాను?"

"గట్టిగా అరిచావు," అన్నాడు బన్నీ.

"మీరేం విన్నారు?"

"గట్టి అరుపు," అంది లాస్య.

పెద్దవాళ్లు కూడా తడబడేది సరిగ్గా ఇక్కడే. అరుపు అన్నా అరవడం గురించే కదా, మరి గట్టి అన్నది క్రియా విశేషణం ఎందుకు కాదు? లాస్య కాసేపు పెన్సిల్‌తో నోట్‌బుక్ మీద కొడుతూ ఆలోచించింది. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది: "అరిచావు అంటే చేసిన పని. అది క్రియ. అరుపు అంటే... ఆ పనికి పెట్టిన పేరు! పేరు కాబట్టి అది నామవాచకం. ఎలాంటి అరుపు? గట్టి అరుపు. అందుకే గట్టి విశేషణం. ఎలా అరిచావు? గట్టిగా అరిచావు. గట్టిగా క్రియా విశేషణం!"

"భేష్!" అంది పలుకులమ్మ.

బన్నీకి హుషారొచ్చేసింది. "అలాంటివి నేనూ చెప్తా! చక్కని పాట, చక్కగా పాడింది. మెత్తని అడుగులు, మెత్తగా అడుగులు వేసింది. అక్కా, నువ్వు చెప్పు!"

"ఆగు, రాసుకోనీ," అంటూ లాస్య పెన్సిల్ కోసం చెయ్యి చాపింది. పెన్సిల్ లేదు. తలెత్తి చూస్తే అది పలుకులమ్మ ముక్కున ఉంది.

"అమ్మో! అల్లరి చిలుక నా పెన్సిల్‌ని దొంగచాటుగా ఎత్తుకుపోతోంది!"

పలుకులమ్మ పెన్సిల్ వదిలేసి, "రెండూ వాడావు!" అని కేరింతలు కొట్టింది. "ఏది ఏదో చెప్పు!"

"అల్లరి విశేషణం, దొంగచాటుగా క్రియా విశేషణం," అని లాస్య కిందపడ్డ పెన్సిల్‌ని అందుకుని రాయడం మొదలుపెట్టింది.