ఊదు

చెల్లె పెండ్లికి మందు కొనుక్కొచ్చింది నేనే. ఏడు నెలల నుంచి చుక్క ముట్టనివాడిని, అయినా లిస్టు నా చేతికే ఇచ్చారు.

"నీ అంత తెలిసినోడు ఈ ఇంట్ల ఇంకెవడున్నడురా?" అన్నాడు కాక.

అదీ నిజమే. నర్సంపేటలో వైన్స్ ముందు నిలబడి, పిల్లగాని తరఫు పెద్దమనుషులకు ఏవి, డప్పులోళ్లకు ఎన్ని క్వార్టర్లు, బీర్లు ఎన్ని కాటన్లు, అన్నీ కాయితం చూడకుండా చెప్పాను. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే నా ట్రాలీలోనే వేసుకొని, పైన పరదా కప్పి ఊరికి తెచ్చాను. గతుకు వచ్చినప్పుడల్లా వెనక సీసాలు గలగలమంటుంటే పాటల సౌండ్ పెంచాను.

ఇంటికొచ్చేసరికి స్రవంతి గడపలో నిలబడి ఉంది. మొఖానికి పసుపు, చేతులకు ఇంకా ఆరని మైదాకు.

"ఊదు" అంది.

ఊదాను. లోపలికి పోనిచ్చింది.

ఇది మా ఇంట్లో రోజూ ఉండేదే. హన్మకొండలో ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి మిషన్ నోట్లో పెట్టినట్టు, రాత్రి నేను ఎంత ఆలస్యంగా వచ్చినా తనే తలుపు తీసి ఊదమంటుంది. మొదట్లో కోపం వచ్చేది. కానీ కోపం తెచ్చుకునే మొఖం కాదు నాది. మొన్న వానాకాలం మొదట్లో జనగామ నుంచి ఆమెకు ఒక సంబంధం వచ్చింది. వాళ్ల కారు మా వాకిట్లోకి మలిగేసరికి నేను గేటు పక్కన పడి ఉన్నాను. లుంగీ ఒక దిక్కు, నేనొక దిక్కు. కారు దిగకుండానే వాళ్లు వెనక్కి తిప్పుకున్నారు. స్రవంతి ఒక్క మాట అనలేదు. కట్టుకున్న పట్టుచీర విప్పి, మడత మీద మడత పెట్టి బీరువాలో పెట్టింది. కిటికీలోంచి అంతా కనబడుతూనే ఉంది, నాకు లేవడమే చేతకాలేదు.

తర్వాత డాక్టరు, గోలీలు, చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్న రోజులు. అవన్నీ చెప్తే పెండ్లి ముహూర్తం దాటిపోతుంది.

ముహూర్తానికి అంతా మంచిగానే జరిగింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, పుస్తె కట్టుడు. బాపు లేడు కాబట్టి ప్రతిదానికీ నన్నే పిలిచారు. మధ్యాహ్నం బగారన్నం వడ్డిస్తుంటే కాక ఫోన్.

"బోరు కాడికి ఐస్ పట్టుకరా. పిల్లగాని చిన్నాయన కూడ ఈడనే ఉన్నడు, జల్ది."

ఐస్ పట్టుకొని పోయాను. మా మిర్చి కల్లం పక్కనే వేపచెట్టు, దాని కింద నులక మంచాలు. పది మంది దాకా ఉన్నారు. ఆరబోసిన కాయల ఘాటుకు ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు, తాగుతూనే ఉన్నారు. నేను ఐస్ పెట్టి మలుగుతుంటే పెద్దమ్మ కొడుకు చెయ్యి పట్టుకొని మంచం మీద కూసోబెట్టాడు. అప్పటికే ఒక గ్లాసు కలిపి పెట్టారు. ఐస్ కోసం కాదు నన్ను పిలిచింది.

"వద్దన్నా, మానేసిన."

"గింతనే! చెల్లె పెండ్లికి తాగకపోతే ఇంకెప్పుడు తాగుతవ్‌రా?"

"మామ ముంగట ఇజ్జత్ తియ్యకు."

"మాల ఏసుకున్నవా ఏంది?"

ఈ మాటకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, అబద్ధమాడడానికి దారి కూడా అదే. మాల వేసుకున్న మనిషికి స్వామీ అని దండం పెట్టి పక్కకు జరుగుతారు. దేవుని పేరు చెప్తే నలభై రోజులు ఎవ్వరూ అడగరు. ఊరికే మానేసినోడిని మాత్రం నమ్మరు. వాడు లోపల మనల్ని తక్కువ చేసి చూస్తున్నాడని అనుకుంటారు.

పిల్లగాని చిన్నాయన ఏమీ అనడం లేదు. బోటి ముక్క నములుతూ నన్నే చూస్తున్నాడు. నాకు టెన్షన్ అంతా ఆయనతోనే. జనగామ సంబంధం సంగతి వీళ్లకు తెలియదు.

కాక లేచి వచ్చి గ్లాసు నా చేతిలో పెట్టాడు. ప్లాస్టిక్ గ్లాసు, నొక్కితే లోపలికి పోయేది. సోడా బుడగలు అంచు దాకా వచ్చి పగిలిపోతున్నాయి. ఒక్కోటి పగిలినప్పుడల్లా సన్నగా తుంపర నా బొటనవేలి మీద పడుతోంది. ఆ వాసన నాకు ముక్కులోకి కాదు, దవడల్లోకి వచ్చింది. నోరంతా నీళ్లూరింది. ఏడు నెలలు ఎక్కడికి పోయాయో తెలియలేదు.

"మీ బాపు ఉంటే ఇయ్యాల ఎంత సంబురపడునో" అన్నాడు కాక. కండ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. "ఆయన పేరు మీద సాక పోసి, ఒక్క గుటక తాగు బిడ్డా. నా మీద ఒట్టు."

ఈయనతోనే తాగడం నేర్చుకున్నాను నేను. బాపు కూడా ఈయనతోనే తాగి తాగి పోయాడు. ఇద్దరి మీదా ఈయనకు ప్రేమే. అదే తిప్పలు.

లేచి వేపచెట్టు మొదట్లో సాక పోశాను. రెండు చుక్కలు పడ్డాక "శెభాష్" అన్నారెవరో. నేను గ్లాసు ఎత్తలేదు. వంచినోడిని వంచినట్టే ఉన్నాను. ఐస్ ముక్కలు కూడా జారి మట్టిలో పడ్డాయి.

"గదేందిరా!"

"బాపుకు పోసిన కాకా. ఆయనకు రెండు చుక్కలతోని ఎన్నడన్న సరిపోయిందా?"

ఎవరూ నవ్వలేదు. చేతులు వణుకుతున్నాయని గ్లాసు నలిపి జేబులో పెట్టుకున్నాను.

"పానం బాగలేదా అల్లుడా?" పిల్లగాని చిన్నాయన మొదటిసారి నోరు తెరిచాడు.

అవునని అంటే అయిపోయేది. లివర్ అంటే చాలు, వదిలేసేవాళ్లు.

"పానం మంచిగనే ఉంది మామ. నాకు ఆగుడు రాదు. ఒక్కటి తాగితే రాత్రి ఏడ పడుంటనో నాకే తెల్వది. ఇయ్యాల చెల్లెను అప్పగించాలె నేను."

అనేశాక గుండె దడదడ కొట్టుకుంది. పెండ్లి రోజే పిల్ల అన్న తాగుబోతని ఆ పిల్ల అన్నే చెప్పాడు కదా అని.

ఆయన కాసేపు నన్ను చూశాడు. తర్వాత ఖాళీ ప్లేటు నా వైపు జరిపాడు.

"బోటి మంచిగైంది. ఇంకింత ఉంటే పట్టుకరా పో."

పోయాను. పోయినోడిని మళ్లీ తిరిగి రాలేదు, పిలగాడితో పంపించాను. కాక అలిగాడు. సాయంత్రం దాకా బువ్వ ముట్టలేదట. అమ్మ పోయి బతిమాలితే "వాడు పెద్దోడైండు, నాకు బుద్ధి చెప్తడు" అన్నాడట. ఇప్పటికి కూడా సరిగ్గా మాట్లాడడం లేదు.

చీకటి పడుతుండగా అప్పగింతలు. పళ్లెంలో పాలు పోసి తెచ్చారు. స్రవంతి చేతులు పట్టుకొని పాలల్లో ముంచి, వాళ్ల అత్తకు, మామకు, చిన్నాయనకు ఒక్కొక్కరి చేతుల్లో పెట్టాను. చిన్నాయన దగ్గర మందు వాసన గుప్పుమంది. చెల్లె తల తిప్పి నా వైపు చూసింది. ఏడ్చి ఏడ్చి కాటుక చెంపల మీదికి కారింది. నేను కూడా ఏడుస్తున్నాను, దగ్గరికి తీసుకున్నాను. బోరు దగ్గర కూర్చున్నానని ఎవరు చెప్పారో.

చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా అంది:

"ఊదు."

ఊదాను. ఆమె పాపిట్లో ఇరుక్కున్న తలంబ్రాల గింజ ఒకటి కదిలి, నా చొక్కా మీద పడింది.