ఐదు ఇంటర్వ్యూ రౌండ్లకు నాకు వీలయ్యే సమయాలు (అక్టోబరు 21 నుంచి నవంబరు 11 వరకు)

మాధవి గారికి నమస్కారం.

మీ మెయిల్ నిన్న రాత్రి చూశాను. ఐదు రౌండ్లకూ టైములు ఒకేసారి పంపమన్నారు కాబట్టి, మా ఇంట్లో వాళ్లతోనూ మాట్లాడి, సెలవులు చూసుకుని రాస్తున్నాను. ప్రతిచోటా ముందు మన టైము, పక్కన అవతలివాళ్ల ఊరి టైము ఇచ్చాను. ఎక్కడైనా తేడా కనిపిస్తే మన టైమునే లెక్కలోకి తీసుకోండి.

ముందుగా నా వారం ఎలా ఉంటుందో చెప్తాను. సోమ, మంగళ, గురువారాలు విశాఖ ఆఫీసుకు వెళ్తాను. పొద్దున ఏడున్నరకే విజయనగరం స్టేషన్‌లో ఉండాలి, రాత్రి ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. ఆ రోజుల్లో ఎనిమిదిన్నర దాటాకే కూర్చోగలను. ఆఫీసు మెట్ల దగ్గరో రైల్లోనో నిలబడి ఇంటర్వ్యూ ఇవ్వడం నాకిష్టం లేదు, అది ఎదుటివాళ్లకూ మర్యాద కాదు. బుధ, శుక్రవారాలు ఇంటి నుంచే పని కాబట్టి ఎక్కువ స్లాట్లు ఆ రెండు రోజుల్లోనే పెట్టాను.

మొదటి రౌండ్, మీ హైదరాబాద్ టీమ్‌తో, అరగంట:
బుధవారం అక్టోబరు 21, ఉదయం 8:30 – 9:30
శుక్రవారం అక్టోబరు 23, ఉదయం 8:30 – 10:00

వీలుంటే బుధవారమే పెట్టండి. అలా అయితే రెండో రౌండ్ శుక్రవారానికే పెట్టుకోవచ్చు.

రెండో రౌండ్, కోడింగ్, గంట, బెర్లిన్ వాళ్లతో:
శుక్రవారం అక్టోబరు 23, మధ్యాహ్నం 2:30 – 5:30 (బెర్లిన్‌లో ఉదయం 11:00 – మధ్యాహ్నం 2:00). మొదటిది బుధవారం అయిపోతేనే ఇది.
బుధవారం అక్టోబరు 28, మధ్యాహ్నం 2:30 – 5:30 (బెర్లిన్‌లో ఉదయం 10:00 – మధ్యాహ్నం 1:00)
గురువారం అక్టోబరు 29, రాత్రి 8:30 – 10:00 (బెర్లిన్‌లో సాయంత్రం 4:00 – 5:30)

23నా 28నా మన టైము ఒకటే అయినా బెర్లిన్ టైము గంట వెనక్కి జరిగింది చూడండి, అది పొరపాటు కాదు. అక్టోబరు 25 ఆదివారం తెల్లవారుజామున యూరప్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, ఆ తర్వాత నాలుగున్నర. మధ్యాహ్నం స్లాట్లకు నేను సగం రోజు సెలవు పెట్టాలి, రెండు రోజుల ముందు చెప్తే చాలు.

అక్టోబరు 26, 27 మాత్రం పూర్తిగా వదిలేయండి. 27 మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందు రోజు రాత్రి తొలేళ్లు. మా ఇల్లు మూడు లాంతర్ల కూడలికి దగ్గర. పలాస నుంచి మా పెద్దమ్మ వాళ్లు, పిల్లలు అందరూ మా ఇంట్లోనే దిగుతారు. మధ్యాహ్నం నుంచి వీధిలో కాలు పెట్టే సందు ఉండదు, అంత జనంలో ఫోన్ సిగ్నల్‌నీ నమ్మలేం. చింతమాను చివర పూజారి గారు కూర్చుని కోట వైపు కదిలే ఆ ఘడియ కోసం మా నాయనమ్మ ఏడాదంతా ఎదురుచూస్తుంది. ఆవిణ్ణి అరుగు మీదకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది నేనే. ఆ రోజు నా మనసు ఇంటర్వ్యూ మీద నిలవదు, మీకు ముందే చెప్పడం న్యాయం.

మూడో రౌండ్, సిస్టమ్ డిజైన్, గంటన్నర. న్యూయార్క్ నుంచి ఒకరు, బెర్లిన్ నుంచి ఒకరు ఇద్దరూ ఉంటారని రాశారు. అన్నిటికన్నా కుదర్చడం కష్టమైనది ఇదే, అందుకే మూడు తేదీలిస్తున్నాను:
శుక్రవారం అక్టోబరు 30, సాయంత్రం 6:30 – 9:30 (న్యూయార్క్‌లో ఉదయం 9:00 – మధ్యాహ్నం 12:00, బెర్లిన్‌లో మధ్యాహ్నం 2:00 – 5:00)
బుధవారం నవంబరు 4, రాత్రి 7:30 – 10:30 (న్యూయార్క్‌లో ఉదయం 9:00 – మధ్యాహ్నం 12:00, బెర్లిన్‌లో మధ్యాహ్నం 3:00 – సాయంత్రం 6:00)
గురువారం నవంబరు 5, రాత్రి 8:30 – 10:30 (న్యూయార్క్‌లో ఉదయం 10:00 – మధ్యాహ్నం 12:00, బెర్లిన్‌లో సాయంత్రం 4:00 – 6:00)

అమెరికాలో గడియారం మారేది నవంబరు 1 ఆదివారం, అంటే యూరప్ కంటే వారం ఆలస్యంగా. ఆ ఒక్క వారం న్యూయార్క్‌కీ బెర్లిన్‌కీ మధ్య ఎప్పుడూ ఉండే ఆరు గంటలు కాకుండా ఐదే గంటలు ఉంటాయి. అక్టోబరు 30 సరిగ్గా ఆ వారంలో పడింది. ఇన్వైట్ పంపేముందు ఇద్దరి క్యాలెండర్లలోనూ ఒకసారి చూడమని నా మనవి.

ఇంతగా చెప్పడానికి కారణముంది. రెండేళ్ల కిందట వేరే కంపెనీ నుంచి ఇలాగే అక్టోబరు ఆఖర్లో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మెయిల్‌లో `9:00 AM EST` అని ఉంది. EST అంటే మనకి రాత్రి ఏడున్నర అని లెక్కేసుకుని, ఏడుంపావుకే లింక్ తెరిచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. అక్కడ అప్పటికింకా వేసవి టైమే నడుస్తోంది, వాళ్ల తొమ్మిది అంటే మన ఆరున్నర. నేను లాగిన్ అయ్యేసరికే వాళ్లు ఎదురుచూసి వెళ్లిపోయారు. మళ్లీ అవకాశం ఇవ్వలేదు. నెల రోజులు చదివిన చదువు ఆ మూడక్షరాల దగ్గర పోయింది. అందుకే ఇన్వైట్‌లో EST, CET లాంటి పొట్టి పేర్లు కాకుండా ఊరి పేరే రాయండి. IST కూడా వద్దు, ఇజ్రాయెల్, ఐర్లండ్ వాళ్లూ ఆ అక్షరాలే వాడతారు. క్యాలెండర్‌లో నా టైమ్ జోన్ `Asia/Kolkata` అని పెడితే మిగతాది అదే చూసుకుంటుంది.

నాలుగో రౌండ్, సింగపూర్ మేనేజర్ గారితో, ముప్పావుగంట. అక్కడ గడియారాలు మార్చరు, ఎప్పుడూ మనకన్నా రెండున్నర గంటలు ముందే.
బుధవారం నవంబరు 4, ఉదయం 7:00 – 9:00 (సింగపూర్‌లో 9:30 – 11:30). మూడోది అక్టోబరు 30నే అయితేనే.
శుక్రవారం నవంబరు 6, ఉదయం 7:00 – 10:00 (సింగపూర్‌లో ఉదయం 9:30 – మధ్యాహ్నం 12:30)

చివరిది, కాలిఫోర్నియా వాళ్లతో, అరగంట:
సోమవారం నవంబరు 9, రాత్రి 9:30 – 11:00 (అక్కడ అదే సోమవారం ఉదయం 8:00 – 9:30)
బుధవారం నవంబరు 11, ఉదయం 6:30 – 8:00 (అక్కడ మంగళవారం నవంబరు 10, సాయంత్రం 5:00 – 6:30)

రెండో దాంట్లో తేదీయే మారుతుంది, గమనించండి. నాకు రెండూ ఒకటే, వాళ్లకి ఏది హాయిగా ఉంటే అది.

ఇంకొక్క మాట. అక్టోబరు, నవంబరు మా వైపు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఇంటర్నెట్ పోతే ఫోన్ డేటాతో నడిపిస్తాను. అయినా వాయుగుండం హెచ్చరిక వస్తే ముందురోజే మీకు ఫోన్ చేస్తాను, చివరి నిమిషంలో ఎవర్నీ కూర్చోబెట్టను. కోడింగ్ రౌండ్‌కి వాడే ఎడిటర్ లింక్ ఒకరోజు ముందు పంపితే నా లాప్‌టాప్‌లో పనిచేస్తుందో లేదో చూసుకుంటాను.

ఈ స్లాట్లన్నీ సోమవారం 19 సాయంత్రం వరకు మీకోసం ఖాళీగా ఉంచుతాను. మొదటి రెండు రౌండ్లు ఖాయమైతే చాలు, మిగతావి మీ వీలుని బట్టి చెప్పండి. ఇన్నిచోట్ల వాళ్లని ఒక టైముకి కూర్చోబెట్టడం ఎంత ఓపిక పనో నాకు తెలుసు, మీకు కృతజ్ఞతలు.

ఇట్లు,
లావణ్య
విజయనగరం, అక్టోబరు 16